పసుపు అంటిన కార్డు

మా తాతగారి కళ్ళజోడు పెట్టెలో, మఖమలు గుడ్డ అడుగున, మడతపెట్టక దాచిన ఒక పోస్టుకార్డు చాలకాలముండెను. ఆయన పోయిన తరువాత ఆ పెట్టె నాకు వచ్చినది. కార్డును దానితో కూడ వచ్చినది. నాలుగు మూలల అద్దిన పసుపు ఇప్పుడు ఇటుకరంగునకు తిరిగి, తాకినచో రాలునట్లున్నది. ఐదు నయాపైసల కార్డు అది. కొత్త నాణెములు వచ్చిన 1957వ సంవత్సరములోనిది. ఆ నయాపైసల లెక్క తాతగారికి చివరివరకును వంటబట్టలేదు. అణాలలోనికి మార్చి చెప్పిననే గాని ఆయన దేనికిని బేరమాడెడివారు కారు. తపాలా బంట్రోతు చేతినుండి ఆ కార్డు నందుకొని లోపలికి పరుగెత్తుకొనిపోయినవాడను నేనే గనుక దాని కథ నాకు ఆద్యంతము తెలియును.

మా ఊరు తెనాలి–రేపల్లె రైలుదారిలో, వేమూరు స్టేషనులో దిగి రెండు మైళ్ళు నడిచిపోవలసిన పల్లె. ఇంటికి కావలసిన గుడ్డలన్నియు తెనాలిలో ఒక్క అంగడినుండియే వచ్చెడివి. ఆ అంగడికి బల్లలు లేవు, కుర్చీలు లేవు. అరుగుమీద చెప్పులు విడిచి లోనికి పోగానే గోడనుండి గోడవరకు పరుపు, దానిమీద చలువచేసిన తెల్లదుప్పటి, మూలను బాలీసు నానుకొని శెట్టిగారు, ఆయన మోకాటి చెంత గల్లాపెట్టె, దానిపై ఇత్తడి పొన్నులు వేసిన గజపుబద్ద. కొత్తగుడ్డల గంజివాసన ఆ గదిలో ఎంత దట్టముగా నుండెడిదనగా, పండుగకు కుట్టించిన చొక్కా తొడిగికొన్న నాడెల్ల ఆ అంగడియే నా వెంట నడచుచున్నట్లు తోచెడిది. కొనుట అనునది గంటలో తేలు పని కాదు. మొదట మంచినీళ్ళు, పిమ్మట ఇంటివారి యోగక్షేమములు, పంటల సంగతి, వాన సంగతి. ఆ తరువాతగాని తాను విప్పెడివారు కారు. రొక్కమిచ్చి కొనువారు అరుదు. మా ఇంటి పద్దు ఆ అంగడి ఆవర్జాలో మా ముత్తాతగారి కాలమునుండియు నడచుచుండెను. సంక్రాంతికి ధాన్యమమ్మిన పిదప తాతగారు పోయి లెక్క చూచుకొని, బాకీ తీర్చి, శెట్టిగారిచ్చిన తాంబూలముతో తిరిగి వచ్చెడివారు.

ఆ యేడు కార్తిక శుద్ధ త్రయోదశినాడు మా చిన్నమేనత్తకు పెండ్లి నిశ్చయమైనది. పట్టుచీరలకు, పెట్టుబడి గుడ్డలకు చిక్కులేదు. అవి అంగడిలో నున్నవి. చిక్కెల్ల మధుపర్కములతోనే. వధూవరులు కట్టుకొను ఆ తెల్లని నూలుబట్టలు, సన్నని ఎఱ్ఱంచు పంచెలచాపును, దానికి జతయైన చీరయును, ఒకే పడుగులో నేసినవై యుండవలెననునది మా ఇంటి ఆచారము. వేరువేరు మగ్గములమీద నేసినవి తెచ్చి జతచేసినచో మా నాయనమ్మ వాటిని పెండ్లిపీటల దరిదాపునకు రానిచ్చెడిది కాదు. కనుక మా వంశములో ప్రతి పెండ్లికిని అవి ముందుగా చెప్పి నేయింపవలసినవే. విజయదశమినాడు తాతగారు నన్ను వెంటబెట్టుకొని తెనాలి పోయి, పది రూపాయలు బయానా యిచ్చి, ఎనభయ్యో నెంబరు నూలుతో జత చెప్పివచ్చిరి. శెట్టిగారు వేళ్ళమీద లెక్కించి, కార్తిక శుద్ధ పంచమికి ఇంటికి చేర్చెదనని మాట యిచ్చిరి. పెండ్లికి అది ఎనిమిది దినములు ముందు.

నేయువాడు మంగళగిరిలో నుండెను. ఆశ్వయుజ బహుళములో ఆకాశము మూసికొని ముసురు పట్టినది. కుంభవృష్టి కాదు, ఆగీ ఆగకుండ తొమ్మిది దినములు కురిసిన సన్నని తుంపర. దానికి మా ఊరిలో పొలములు సంతోషించినవి. కాని ఆ తుంపర మగ్గమును ఎట్లు నిలిపివేయునో ఆనాడు మాలో నెవరికిని తెలియదు. మరుసటి వేసవిలో శెట్టిగారే నన్ను మంగళగిరికి తీసికొనిపోయి చూపించినప్పుడు గాని నాకు బోధపడలేదు.

తెల్లవారుజామున ఇంకను నక్షత్రములుండగనే వీధి పొడవున పడుగు చాచియుండిరి. ఇరుకొనల గుంజలు పాతి, నడుమనడుమ కఱ్ఱలు కత్తెరవలె నాటి, వాటిమీద మూడువేల పైచిలుకు పోగులు ఒక్కటొక్కటిగ విడివడి, పలుచని తెల్లటి కాలువవలె సాగియుండెను. బియ్యపు గంజిలో కొంచెము నూనె కలిపి, ఆ పోగులకు పట్టించి, చెరియొక ప్రక్క నిలిచిన ఇరువురు పొడవాటి కుంచెను ఈ కొననుండి ఆ కొనకు లాగుచుందురు. ఒకరడుగు వేసినచో రెండవవారును ఆ యడుగే వేయవలెను. చేయి బరువు తేడా వచ్చెనా పోగు తెగును. గంజి ఆరునంతవరకు కుంచె ఆగరాదు. ఎండ ముదిరినచో పోగు పెళుసెక్కి మగ్గముమీద పుటుక్కున తెగిపోవును, అందుకే తెల్లవారుజాము. ఎండ అసలే లేకున్నచో అంతకంటె అనర్థము. తడి పోగులు ఒకదానినొకటి అంటుకొని త్రాడువలె పేనుకొనును, రెండవనాటికి మురుగువాసన కొట్టును, మూడవనాటికి నల్లని చుక్కలు తేలును. అట్టి పడుగును గంగలో కలుపవలసినదే.

నూలు నెంబరనగా ఏమో కూడ ఆనాడే తెలిసికొంటిని. చిలప ఒక్కంటికి 840 గజముల నూలుండును. పౌను బరువునకు అట్టి చిలపలెన్ని తూగునో అదియే ఆ నూలు నెంబరు. ఎనభయ్యో నెంబరనగా పౌను నూలు విప్పి పరచినచో ముప్పదియెనిమిది మైళ్ళు సాగునన్నమాట. వేమూరునుండి తెనాలికి పోయి, మరల వచ్చి, మరల పోయినను ఇంకను మిగులును. అంత సన్నని పోగునకు గంజియే కవచము.

ఇక మగ్గము. నేతగాడు నేలలో త్రవ్విన గుంటలో కాళ్ళు జారవిడిచి గట్టుమీద కూర్చుండును. త్రొక్కుడుబద్దలు ఆ గుంటలోనే యుండును. నేలలోని చల్లదనము నూలునకు మేలు. కాస్త తేమ తగిలిన పోగు సాగును గాని తెగదు. ఆ మేలు చేయు గుంటయే ముసురు పట్టినప్పుడు పగబట్టును. అడుగునుండి నీరు ఊరి, మొదట మడమలు మునుగును, తరువాత పిక్కలు. ముంతతో తోడిపోసినకొలది ఊరుచునే యుండును. నేతగాని భార్య గుంటగోడపై చారికను చూపి, "క్రిందటేడు ఇక్కడిదాకా వచ్చిందయ్యా నీళ్ళు, మీ పెళ్ళి బట్టలప్పుడే" అన్నది. ఆ చారిక నా మోకాలికి పైన నున్నది.

కాని ఇవన్నియు తరువాతి మాటలు. అప్పటికి మా ఇంట తెలిసినది ఒక్కటే: బహుళ దశమినాడు తాతగారు పాలేరును తెనాలి పంపిరి, వాడు తడిసి ముద్దయి తిరిగి వచ్చి, శెట్టిగారు అంగడిలో లేరనియు, గుమాస్తా తల యెత్తకనే "ఇంకా రాలేదు, వస్తే చెబుతాంలే పో" అనెననియు చెప్పినాడు.

తాతగారి కోపమునకు ఒక పూర్వకథ కలదు. పెద్దమేనత్త పెండ్లికి వేరొక ఊరి కంసాలి, అతని పేరిచ్చట అనావశ్యకము, నల్లపూసల గొలుసు నెలదినములు "రేపు" అని "మాపు" అని త్రిప్పి, ముహూర్తము వేళకు సగము అతికిన దానిని దారముతో ముడివైచి పంపెను. ఆ దారపుముడి ఆయన మనస్సులో పదునాలుగేండ్లు బిగుసుకొనియే యుండెను. పాలేరు మాట విని ఆయన అరవలేదు. అరచియుండినచో నాయనమ్మ ఊరడిల్లెడిది. కావిడిపెట్టెలోనుండి లెక్కల పుస్తకము తీయించి, ఆ అంగడికి అప్పటికి ఇయ్యవలసినది ఎంతయో కూడి, క్రింద గీత గీచి, "దీపావళి వెళ్ళగానే ఈ పద్దు తీర్చేసి వస్తాను. గుంటూరులో కొట్లు లేకపోయెనా?" అనిరి. మూడు తరముల పద్దునకు ఆ గీత పడుట చూచి మా నాయనమ్మ దీపపుకుందులు తోముట ఆపి లేచి వెళ్ళిపోయినది.

నరకచతుర్దశినాడు, తలంట్లు అయి మేము ఇంకను తల తుడుచుకొనుచుండగా, కార్డు వచ్చినది.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. ఆ రోజులలో కార్డు చేతికి వచ్చినచో చదువక ముందు దాని మూలలు చూచెడివారము. పసుపున్నచో శుభము, పైన "అశుభము" అని యున్నచో వాకిటనే చదివి అక్కడనే చించివేయవలెను. వ్యాపారపు కార్డునకు రెండును ఉండవు. ఈ కార్డు అంగడినుండి వచ్చినదయ్యును దీని నాలుగు మూలల పసుపుండెను. ఆలస్యపు వార్త పెండ్లియింట పండుగపూట వట్టి కార్డుగా దిగినచో ఆడువారి గుండెలలో రాయి పడునని శెట్టిగారికి తెలియును. నాయనమ్మ దూరమునుండి పసుపు చూచి "హమ్మయ్య" అన్నది. అందలి విషయము తరువాత విన్నది. సన్నని అక్షరములు, అంచులదాక ఎక్కడను ఖాళీ లేదు. గుమాస్తా చేవ్రాలు కాదు, శెట్టిగారి స్వహస్తమే. దానినిట ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయుచున్నాను:

"శ్రీరామ. తెనాలి, ఆశ్వయుజ బ. త్రయోదశి. మహారాజశ్రీ కరణంగారి సముఖమునకు అనేక నమస్కారములు. ఉభయకుశలోపరి. అమ్మాయిగారి మధుపర్కములు పంచమికి ఇచ్చెదనంటిని. ఇవ్వలేను. ముసురువలన మగ్గపుగుంటలో నీరూరినది. పడుగు సిద్ధముగనున్నది గాని గంజి పెట్టుటకు ఎండ లేదు. నిన్న నేనే పోయి చూచి వచ్చితిని. నూలు చెడలేదు. ఈ దినము తెరిపి యిచ్చినది. శుద్ధ దశమి రాత్రి బండికి బట్టలు మీ యింట ముట్టజెప్పెదను. ముహూర్తమునకు మూడు దినములుండును. దైవికముగ అప్పటికిని కాకపోయినచో, మా చిన్నదాని పెండ్లికని నేయించి దాచిన జత మా యింట గలదు. ఒకే పడుగులోనిది, మడత విప్పలేదు. అదియే మీది. మొన్న మీ మనిషి వానలో వచ్చినప్పుడు నేను లేను. సరియైన సమాధానము దొరకలేదని వింటిని. ఆ తప్పు నాది. బయానా వెనుకకు కావలెనన్న ఈ కార్డు తెచ్చినవారి చేతికిచ్చెదను. అమ్మగారి మోకాలినొప్పి ఈ ముసురులో ఎట్లున్నదో. చిత్తగించవలెను."

తాతగారు ఒకసారి మనసులో చదివిరి. ఒకసారి పైకి చదివిరి. "ఇవ్వలేను" అను మాట యొద్ద రెండుసార్లును ఆగిరి. పదునాలుగేండ్ల క్రిందట నెలదినములు ఆయన వినగోరి వినలేకపోయిన మాట అది. "చూశావుటే, నీ మోకాలి సంగతి కూడా అడిగాడు" అని నాయనమ్మతో అనిరి. ఆమె పైట చెంగుతో చేయి తుడుచుకొని వచ్చి, కార్డు నందుకొని, చదువురాకున్నను అటునిటు త్రిప్పి చూచి, "పాపం, తన కూతురి బట్టలు ఇస్తానన్నాడా?" అని, కొంతసేపటికి "అవి మాత్రం మనకు వద్దు. ఆ పిల్లకు దాచినవి" అన్నది. ఆ సాయంకాలము తాతగారు జవాబు కార్డు వ్రాసిరి. రెండే పంక్తులు: దశమికి ఎదురుచూతుమనియు, మోకాలికి ఆముదము రాయుచున్నారనియు. లెక్కల పుస్తకములోని గీత మాత్రము ఆయన చెరుపలేదు. దాని క్రింద మరుసటి పద్దు వ్రాసికొనిరి.

దశమినాడు రాత్రి బండి వేళ దాటినది. ఎడ్లబండి స్టేషనుకు పంపుదమా మానుదమా అని మా ఇంటివారు తర్జనభర్జనలు పడుచుండగా, వీధిలో లాంతరు వెలుగు కనబడినది. శెట్టిగారే. గుమాస్తా లాంతరు పట్టి ముందు నడచుచుండెను; శెట్టిగారు పంచె మోకాళ్ళపైకి చెక్కి, మూటను భుజముపై మోసికొని, బురదకాళ్ళతో వాకిట నిలిచి, "కాళ్ళకు నీళ్ళు ఇప్పించండి కరణంగారూ, మూట ముందు లోపల పెట్టించండి" అనిరి. గుమాస్తా తాతగారికి నమస్కరించి, ఏదో చెప్పబోయి చెప్పలేక, లాంతరు వత్తి తగ్గించుచు నిలుచుండెను. తాతగారు వానివైపు చూచి, "నువ్వూ కాళ్ళు కడుక్కో, భోంచేద్దువుగాని" అనిరి. గుమాస్తా విషయము అంతటితో ముగిసినది.

భోజనములైన పిదప మూట విప్పిరి. బట్టలు చూపుటకు ముందుగనే శెట్టిగారు పంచె కొంగు తీసి లాంతరు చెంతకు పట్టి, నాలుగు వ్రేళ్ళ వెడల్పున ఒకచోట పేక కొంచెము పలుచబడినదానిని గోటితో చూపిరి. మొదటినాటి నేత, పడుగులో చెమ్మ పూర్తిగ వీడలేదట. "కట్టుకుంటే మడతలోకి పోతుంది. కానీ రేపు మీరే చూస్తే నేను దాచానని అనుకుంటారు. ముప్పావలా తగ్గించి తీసుకోండి" అనిరి. నాయనమ్మ గడపకావలినుండి, "ఒకే పడుగేనా?" అని మాత్రమడిగినది. "ఒకే పడుగమ్మా. తెగకుండా తెచ్చాను, చూడండి" అని ఆయన పంచెకును చీరకును నడుమ కోయక విడిచిన బెత్తెడు పోగులను విప్పి చూపిరి. ఆ పోగులు కోయుటకు మా మేనత్తచేతనే కత్తెర పట్టించిరి. ముప్పావలా తగ్గింపును తాతగారు ఒల్లలేదు.

నేను ఆ రాత్రి అరుగుమీద శెట్టిగారి ప్రక్కనే పండుకొంటిని. కార్డులో "శుద్ధ" అను మాట తరువాత ఒక పదము కొట్టివేసియుండుట నాకు వింతగ నుండెను. కొట్టివేతలోనుండి "నవమి" యని స్పష్టముగ చదువవచ్చును. అడిగితిని. ఆయన నవ్వి, నా చేతివ్రేళ్ళు పట్టుకొని లెక్కించిరి. గుంట ఆరుటకు చతుర్దశి, అమావాస్య. ఎట్లును అమావాస్యనాడు మగ్గమెక్కరు. పాడ్యమి తెల్లవారుజామున గంజి. విదియనాడు అచ్చు అతుకుట: వ్రేలికొనలకు బూడిద అద్దుకొని పాత పోగుల కొనలకు కొత్త పోగుల కొనలు ఒక్కటొక్కటే పేని కలుపుట, దినమంతయు పట్టును. తదియ మొదలు అష్టమివరకు నేత. రెండును కలిసి పదునాలుగు గజములు, అంత సన్ననూలు దినమునకు రెండు రెండున్నర గజములకంటె సాగదు. నవమికి చేతికి వచ్చును.

"నేతవాడు నవమి అన్నాడు. నేనూ నవమే రాశాను. రాశాక చేయి ఆగింది బాబూ. ఒకసారి వాయిదా వేస్తే అది వానది. రెండోసారి వేస్తే అది నాది. అందుకని ఒకరోజు నా దగ్గర ఉంచుకున్నాను."

"మఱి కొట్టివేసిన కార్డు ఎందుకు పంపారు? కొత్తది రాయవచ్చు గదా?" అంటిని.

"ఐదు నయాపైసలు!" అని ఆయన ఆవులించి అటు తిరిగి పండుకొనిరి.

ఆ ఒక్కరోజు ఆయనకు అక్కరకే వచ్చినది. అష్టమినాడు సగము దినము మరల మబ్బు పట్టి, బట్ట మగ్గమునుండి నవమి చీకటిపడిన పిదపగాని దిగలేదని నేతగాని భార్య మంగళగిరిలో నాతో చెప్పినది. నవమికే యని మాట యిచ్చియుండినచో మా తాతగారు ఆ రాత్రి వాకిట నిలిచి ఎదురుచూచి, మరునాటి ఉదయమునకు గుంటూరు దారి పట్టియుండెడివారనుటకు నాకు సందేహము లేదు.

తరువాతి సంక్రాంతికి పద్దు ఎప్పటివలెనే తీరినది, ఎప్పటివలెనే మరల మొదలైనది. శెట్టిగారి చిన్నమ్మాయి పెండ్లి మాఘములో జరిగినది; మడత విప్పని ఆ జత ఆ పిల్లకే అమరినది. నాయనమ్మ మోకాలినొప్పితోనే బండియెక్కి పోయి, పెండ్లికూతురు ఆ చీర కట్టుకొని పీటలమీద కూర్చుండువరకు కదలలేదు.

ఆ పరుపు, ఆ బాలీసు ఎత్తివేసి అంగడికి గాజుబల్లలు వచ్చి చాలకాలమైనది. మధుపర్కములు ఇప్పుడు కాగితపు సంచులలో జతలుజతలుగా దొరకును. ఏ పడుగులోనివని అడుగుటకు మా ఇంట నాయనమ్మ లేదు. మా మేనత్త చీర మాత్రము ఇంకను భద్రముగనున్నది. మొన్న పెట్టె సర్దునప్పుడు ఆమె దాని కొంగు చివర కోసిన పోగులను వ్రేలితో నిమిరి, "ఈ కత్తెర వేసింది నేనేరా, చెయ్యి వణికి వంకరగా పోయింది" అన్నది. చూచితిని. వంకరగనే యున్నది.